దగ్గుతున్న పసిబిడ్డకు ఎక్స్‌రే ఎందుకు రాయలేదు?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిది నెలలు. సింగరాయకొండ దగ్గర ఉంటాం. మొదట రెండు రోజులు ముక్కు కారింది, తర్వాత దగ్గు, పిల్లికూతలు మొదలయ్యాయి. ఈరోజు నాలుగో రోజు. ఒంగోలులో పిల్లల డాక్టరు గారికి చూపిస్తే బ్రాంకియోలైటిస్ అన్నారు. ఎక్స్‌రే అక్కర్లేదు, యాంటీబయాటిక్ కూడా వద్దని ముక్కులో వేసే చుక్కలు మాత్రమే రాశారు. నిమ్ము చేరిందేమో, ఫోటో తీయకుండా ఎలా తెలుస్తుందని మా అత్తగారు అంటున్నారు. మేమే ల్యాబ్‌లో ఎక్స్‌రే తీయించి ఇంకో డాక్టరుకు చూపించవచ్చా?

సమాధానం:

వద్దమ్మా, తీయించకండి. మీరు రాసినదాన్ని బట్టి మీ డాక్టరు గారు సరిగ్గానే చేశారు. ఈ వయసులో జలుబుతో మొదలై, రెండు మూడు రోజులకు దగ్గు, పిల్లికూతలు తోడైన బిడ్డకు ఎక్స్‌రే తీస్తే కొత్తగా తెలిసేది చాలా తక్కువ. దారి తప్పించే అవకాశమే ఎక్కువ. అయితే బిడ్డను నేను చూడలేదు కాబట్టి ఒక షరతు పెడుతున్నాను. చివర్లో చెప్పే ప్రమాద లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా ల్యాబ్ మాట పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

నేను కావలిలో పిల్లల వైద్యుణ్ణి. ఇక్కడ అక్టోబరులో వానలు మొదలైతే సంక్రాంతి దాటే దాకా మా వరండా నిండా ఈ దగ్గులే. చంకలో బిడ్డ, చేతిలో ఎక్స్‌రే కవరుతో వచ్చే తల్లులు చాలామంది. నేను ఫిల్ము చూడకుండా ముందు బిడ్డ చొక్కా విప్పమంటే, కవరు అక్కరకు రాలేదని వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి.

ముందుగా ఒక అపోహ తీసేస్తాను. ఎక్స్‌రే వద్దనేది కిరణాల భయంతో అని చాలామంది అనుకుంటారు. పసిబిడ్డ ఛాతీకి సరిగ్గా తీసిన ఒక్క ఫిల్ముతో అందే రేడియేషన్, మనందరికీ నేల నుంచీ ఆకాశం నుంచీ రెండు మూడు రోజుల్లో ఎలాగూ అందే పాటిదే. అవసరమైనప్పుడు తీయడానికి నేను క్షణం కూడా ఆలోచించను. నా అభ్యంతరమల్లా ఆ ఫిల్ములో కనిపించేదాన్ని మనం ఎలా చదువుతామన్న దాని గురించే.

లోపల జరిగేది ఇది. ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు చెట్టు కొమ్మల్లా చీలుతూ పోయి చివరకు చాలా సన్నబడతాయి. ఆర్‌ఎస్‌వి అనే వైరస్, ఒక్కోసారి మరో వైరస్, ఈ చివరి గొట్టాల లోపలి పొరను వాచేలా చేస్తుంది. పెద్దవాళ్ళకైతే అది జలుబుతో పోతుంది. ఎనిమిది నెలల బిడ్డకు ఆ గొట్టం అసలే సన్నం. కాస్త వాపు, కాస్త కఫం చేరితే గాలి లోపలికి పోతుంది కానీ సులభంగా బయటికి రాదు. పిల్లికూతలు అందుకే వస్తాయి. బిడ్డ డొక్కలు ఎగరేసేది కూడా అందుకే. జబ్బు మూడు నుంచి ఐదు రోజుల మధ్య బాగా ముదిరి, తర్వాత తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు ఉండవచ్చు. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ గడ్డు రోజుల్లో ఉన్నారు. మీ అత్తగారి కంగారును నేను తప్పుపట్టను.

ఇప్పుడు ఆ సన్నని గొట్టాల్లో ఒకచోట కఫం పూర్తిగా అడ్డుపడిందనుకోండి. దానికి అవతల చిక్కుకున్న గాలిని రక్తం మెల్లగా పీల్చేసుకుంటుంది. ఆ భాగం గాలి తీసిన దిండులా ముడుచుకుపోతుంది. ఫిల్ములో గాలి ఉన్నచోటు నల్లగా, లేనిచోటు తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ముడుచుకున్న ముక్క తెల్లగా పడుతుంది. బాక్టీరియా న్యుమోనియాలో గాలి గదులు ద్రవంతో, చీముతో నిండుతాయి. నీళ్ళు తాగిన దూదిలా అదీ తెల్లగానే పడుతుంది. ఒకదానికి యాంటీబయాటిక్ పనికిరాదు, రెండోదానికి అది కావాలి. చూడబోతే రెండూ తెల్లమచ్చలే.

ఈ తేడాను నేను పుస్తకంలో చదివి కూడా నేర్చుకోలేదు, తప్పు చేసి నేర్చుకున్నాను.

ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు. ఏడు నెలల పాప, నాలుగో రోజు దగ్గుతో వచ్చింది. జ్వరం నూరు డిగ్రీలు. ఆక్సిజన్ 95 శాతం. స్టెతస్కోపు పెడితే రెండువైపులా, పైనా కిందా, అంతటా పిల్లికూతలూ చిటపటలూ. పాలు రోజూ తాగేదానిలో ముప్పాతిక వంతు తాగుతోంది. ఈ నాలుగు సంగతులతోనే బ్రాంకియోలైటిస్ అని తేలిపోయింది. అయినా తండ్రి మరీ మరీ అడిగాడు, నాకూ ఎందుకైనా మంచిదనిపించింది, ఫిల్ము తీయించాను. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ముక్కోణం ఆకారంలో తెల్లగా ఒక మచ్చ. న్యుమోనియా అని చేర్చుకున్నాను. చేతికి సూది గుచ్చి మూడు రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించాను. రెండో రోజుకు సూది పెట్టిన చెయ్యి వాచింది, రెండో చేతికి మార్చాం. మూడో రోజుకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆ రోజే మళ్ళీ ఫిల్ము తీయిస్తే మచ్చ మాయమైంది. ఇంజెక్షను ఎంత బాగా పనిచేసిందో చూడండని ఆ తండ్రికి వెలుగుపెట్టె మీద చూపించి మరీ చెప్పాను.

తరువాతి ఆదివారం నెల్లూరులో ఒక రేడియాలజిస్టు మిత్రుడికి ఆ రెండు ఫిల్ములూ గర్వంగా చూపించాను. అతను మొదటి ఫిల్ము మీద చూపుడువేలు పెట్టి, కుడి ఊపిరితిత్తిలో పైభాగాన్నీ మధ్యభాగాన్నీ వేరుచేసే సన్నని గీతను వెతికాడు. అది అడ్డంగా, తిన్నగా ఉండాలి. ఈ పాపకు అది పైకి లాగేసినట్టు వంకరగా ఉంది. "ఇక్కడ ఏమీ నిండలేదు, ముడుచుకుంది. నిండితే గీత ఉన్నచోటే ఉంటుంది, లేదా కిందికి నెట్టబడుతుంది. పైగా న్యుమోనియా మచ్చ మూడు రోజుల్లో పోదు, వారాలు పడుతుంది. కఫం ముద్ద జారిపోయింది, గాలి చేరింది, అంతే" అన్నాడు.

అంటే నేను మందు గొప్పదనమని చూపించింది నిజానికి నా పొరపాటుకు సాక్ష్యం. పాప ఏడో రోజున కోలుకుంది. నేను ఏమీ చేయకపోయినా ఆ రోజుకే కోలుకునేది, విరేచనాలూ వాచిన చెయ్యీ లేకుండా.

ఇది నా ఒక్కడి పొరపాటే అనుకుంటే కాదు. 2007లో ప్రచురితమైన కెనడా అధ్యయనం ఒకటుంది, టొరంటో డాక్టర్లు చేసినది. లక్షణాలన్నీ బ్రాంకియోలైటిస్‌కు సరిపోయిన 265 మంది పసిపిల్లలకు ఎక్స్‌రే తీశారు. తీసేముందు, తీసిన తర్వాత, ఈ బిడ్డకు ఏమిస్తారని డాక్టర్లనే అడిగారు. ఆ జబ్బుకు పొసగని మార్పు ఇద్దరి ఫిల్ముల్లోనే కనిపించింది. కానీ ఫిల్ము చూడకముందు ఏడుగురికి యాంటీబయాటిక్ ఇస్తామన్నవారు, చూశాక 39 మందికి ఇస్తామన్నారు. బిడ్డలు మారలేదు, గోడ మీద ఫిల్ము వేలాడదీయడం వల్ల డాక్టర్ల మనసు మారింది. ఆ తర్వాత అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లో, బ్రిటన్ మార్గదర్శకాలు 2015లో, బ్రాంకియోలైటిస్‌లో మామూలుగా ఎక్స్‌రే తీయవద్దనే చెప్పాయి.

పసిబిడ్డ ఫిల్ములో ఇంకో చిక్కు కూడా ఉంది. పెద్దవాళ్ళను "ఊపిరి బాగా పీల్చి ఆపండి" అంటే ఆపుతారు. ఎనిమిది నెలలవాడు ఏడుస్తాడు. ఏడుపులో ఊపిరి వదిలిన క్షణాన బటన్ నొక్కితే ఊపిరితిత్తులు రెండూ మసకగా, గుండె పెద్దదిగా పడతాయి. బిడ్డ కాస్త పక్కకు తిరిగితే ఒకవైపు తెల్లబడుతుంది. వీటన్నిటికీ తోడు థైమస్. గుండెకు పైన ఉండే ఈ గ్రంథి పసితనంలో పెద్దదిగా ఉండి, తర్వాత చిన్నబోతుంది. కొందరు బిడ్డల్లో అది కుడివైపు తెరచాపలా విచ్చుకుని కనిపిస్తుంది. దానికీ నిమ్ము అని పేరుపెట్టి మందులు వాడించిన చీటీలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. రోజూ పెద్దవాళ్ళ ఫిల్ములే చూసే కళ్ళకు ఇది తట్టదు. మీరు సొంతంగా ల్యాబ్‌కు వెళితే జరగబోయేది ఇదే. బిడ్డను ముట్టుకోని వ్యక్తి, ఏడుస్తుండగా తీసిన ఫిల్ము చూసి, నాలుగు మాటలు రాసిస్తారు. ఆ కాగితాన్ని పట్టించుకోకుండా ఉండే ధైర్యం మీకూ ఉండదు, మీరు చూపించబోయే రెండో డాక్టరుకూ ఉండకపోవచ్చు.

మరి నిజంగా న్యుమోనియా అయితే? మీ అత్తగారి ప్రశ్న అదే కదా. ఆశ్చర్యంగా అనిపించవచ్చు కానీ, ఇంట్లో ఉంచి వైద్యం చేయగలిగినంత తేలికపాటి న్యుమోనియాకు కూడా ఎక్స్‌రే అక్కర్లేదు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 522 మంది పిల్లలను చీట్లు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎక్స్‌రే తీసి, రెండో గుంపుకు తీయకుండా వైద్యం చేశారు. అందరూ రెండు నెలలు నిండి ఐదేళ్ళలోపు వాళ్ళు, ఊపిరి వేగంగా తీస్తున్నవాళ్ళు. 1998లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు గుంపుల్లోనూ కోలుకోవడానికి మధ్యస్థంగా ఏడు రోజులే పట్టింది. ఎక్స్‌రే తీసిన గుంపులో యాంటీబయాటిక్‌లు మాత్రం ఎక్కువ పడ్డాయి.

కారణం సులువే. మచ్చ వైరస్ వల్ల వచ్చిందా బాక్టీరియా వల్ల వచ్చిందా అన్నది ఫిల్ము నమ్మకంగా చెప్పలేదు. మొదట్లోనే తీస్తే నిజమైన న్యుమోనియా మచ్చ ఇంకా పడి ఉండకపోవచ్చు కూడా. నోటి ద్వారా అమాక్సిసిలిన్ ఇవ్వాలా వద్దా అన్నది బిడ్డ తీరును బట్టే తేలాలి. నేను చూసేవి ఇవి: జ్వరం 102 దాటి ఉందా, చిటపటలు ఎప్పుడు విన్నా ఒకేచోట వినిపిస్తున్నాయా, పిల్లికూతలు లేకుండా ఊపిరి మాత్రం వేగంగా ఉందా, జ్వరం దిగినప్పుడు కూడా బిడ్డ నీరసంగా పడి ఉంటోందా. పిల్లికూతలు రెండువైపులా ఉండి, జ్వరం కొద్దిగా ఉండి, జలుబుతో మొదలైతే తూకం బ్రాంకియోలైటిస్ వైపే వాలుతుంది.

ఊపిరి లెక్క గురించి ఒక మాట, ఎందుకంటే ఇది మీరే ఇంట్లో చేయగలరు. బిడ్డ ఏడవకుండా, వీలైతే నిద్రలో ఉన్నప్పుడు, చొక్కా పైకి తీసి, పొట్ట లేచి పడటాన్ని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయకండి. పసిపిల్లల ఊపిరి ఒకే తీరున సాగదు. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ళలోపు 40, రెండు నెలల్లోపు 60 అయినా, దాటినా వేగం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మొన్న ఒక బాబుకు రాగానే 58 వచ్చింది. ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసి, తుడిచి, తల్లి ఒడిలో పాలు తాగి నిద్రపోయాక లెక్కిస్తే 46. ఇక్కడ జాగ్రత్త: ఈ లెక్క బిడ్డ ఎంత కష్టపడుతున్నాడో చెబుతుంది కానీ ఎందుకో చెప్పదు. బ్రాంకియోలైటిస్ బిడ్డ కూడా 50 దాటుతాడు. కాబట్టి దాటితే మళ్ళీ డాక్టరుకు చూపించండి, అంతేకానీ నిమ్ము అని మీరే తేల్చుకోకండి.

నేను ఎక్స్‌రే ఎప్పుడు రాస్తాను? ఫిల్ముకు ఒక ప్రశ్న ఉన్నప్పుడు. ఆక్సిజన్ 92 కంటే తగ్గి, బిడ్డ బాగా ఆయాసపడుతూ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చి, అది బ్రాంకియోలైటిస్ తీరులో లేనప్పుడు. న్యుమోనియాకు సరైన మోతాదులో మందు పడి రెండు మూడు రోజులైనా జ్వరం దిగనప్పుడు. అప్పుడు నా ప్రశ్న, ఊపిరితిత్తి చుట్టూ నీరో చీమో చేరిందా అని. గుండెలో శబ్దం వినిపించి, పాలు తాగుతూ చెమటలు పట్టి, బరువు పెరగని బిడ్డకు. ఇంట్లో క్షయ ఉన్నవారు ఉండి, వారాల తరబడి దగ్గుతో బిడ్డ చిక్కిపోతున్నప్పుడు. ఇవి కాక ఇంకొకటి ఉంది, మన ప్రాంతంలో దాన్ని మరవకూడదు.

ఉదయగిరి వైపు నుంచి ఏడాది పది నెలల బాబును తెచ్చారు. మూడు వారాలుగా దగ్గు, మూడు రకాల యాంటీబయాటిక్‌లు అయ్యాయి. ఒక ఫిల్ము కూడా ఉంది, బాగానే ఉందని రాసి ఉంది. స్టెతస్కోపు పెడితే కుడివైపు గాలి చప్పుడు ఎడమకంటే తక్కువ, పిల్లికూత ఆ ఒక్కవైపే. జలుబుతో మొదలైందా అని అడిగితే కాదన్నారు. ఎప్పుడు మొదలైందని గుచ్చి గుచ్చి అడిగితే నాయనమ్మకు గుర్తొచ్చింది. వేరుశనగకాయలు ఒలుస్తుంటే పక్కన ఆడుకుంటున్నవాడు ఒక్కసారిగా పొరబోయి దగ్గి, ముఖం కందిపోయి, తర్వాత సర్దుకున్నాడట. వేరుశనగ గింజ ఎక్స్‌రేలో కనిపించదు, అది లోహం కాదు. అందుకని ఈసారి బాబును కుడిపక్కకు పడుకోబెట్టి తీయమని రాశాను. మామూలుగా పక్కకు పడుకుంటే కిందివైపు ఊపిరితిత్తి కొంత అణిగి మసకబారుతుంది. ఇతనికి కిందనున్న కుడి ఊపిరితిత్తి అణగలేదు, గాలి బయటికి పోలేక నల్లగా ఉబ్బే ఉంది. పెద్ద ఆసుపత్రికి పంపితే గొట్టం వేసి గింజ ముక్క తీశారు. ఒకవేళ ఆ ఫిల్ము కూడా మామూలుగా ఉండి ఉంటే పంపేవాణ్ణే, ఎందుకంటే పొరబోయిన కథ, ఒకవైపే తగ్గిన చప్పుడు ఫిల్ముకంటే బరువైనవి. మొదటి ఫిల్ము ఎవరూ ఏమీ అడగకుండా తీసినది, అందుకే అది ఏమీ చెప్పలేదు.

నిమ్ము తగ్గిందో లేదో చూద్దామని వారానికి మళ్ళీ ఎక్స్‌రే తీయించేవాళ్ళూ ఉన్నారు. బిడ్డ ఆడుతూ తింటూ ఉంటే అది వద్దు. నిజమైన న్యుమోనియా మచ్చ బిడ్డ కోలుకున్నాక కూడా నాలుగు నుంచి ఆరు వారాలు కనిపించవచ్చు. ఆ మిగిలిన మచ్చను చూసి రెండో విడత మందులు మొదలవుతాయి.

ఇక మీ బాబు సంగతి. పాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పట్టండి. పట్టేముందు, నిద్రపుచ్చేముందు ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేసి మెత్తని గుడ్డతో తుడవండి. ఆవిరి పట్టకండి, అది గొట్టాల చివరిదాకా పోదు, వేడినీళ్ళు ఒలికి కాలిన పిల్లలను చూశాను. ఇంట్లో బీడీ, సిగరెట్టు, దోమల చుట్ట పొగ ఏదీ ఉండకూడదు. నెబ్యులైజర్ మందు పెట్టించాలని ఎవరైనా అన్నా తొందరపడకండి, ఈ వయసు బ్రాంకియోలైటిస్‌లో దాని వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు.

ఇవి కనిపిస్తే అర్ధరాత్రయినా బయల్దేరాలి: రోజూ తాగే పాలలో సగం కూడా తాగకపోవడం. పన్నెండు గంటలుగా ఉచ్చ పోయకపోవడం. ప్రతి ఊపిరికీ డొక్కలు లోపలికి గుంజుకుపోవడం, ముక్కుపుటాలు ఎగరడం, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు. పెదవులు నీలంగా మారడం. ఊపిరి మధ్యలో ఆగి మళ్ళీ రావడం. లేపినా సరిగ్గా లేవకుండా మత్తుగా ఉండటం. ఇది చదివేవారిలో మూడు నెలల్లోపు బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, పుట్టుకతో గుండెజబ్బు ఉన్న బిడ్డ ఉన్నవారు ఇంతదాకా ఆగవద్దు. అలాంటి పిల్లల్లో దగ్గు ఎక్కువగా లేకుండానే ఊపిరి ఆగిపోవచ్చు. వాళ్ళను మొదటి రోజే డాక్టరుకు చూపించాలి.

ఇవేవీ లేకపోతే రేపు ఐదో రోజున ఒకసారి ఒంగోలు వెళ్ళి అదే డాక్టరు గారికి చూపించండి. వేరే డాక్టరుకంటే నిన్న చూసిన చేతులకే ఈరోజు తేడా బాగా తెలుస్తుంది. వెళ్ళేటప్పుడు రెండు లెక్కలు కాగితం మీద రాసుకుని పట్టుకెళ్ళండి: ఈ రాత్రి నిద్రలో నిమిషానికి ఎన్ని ఊపిరులు, ఇరవై నాలుగు గంటల్లో ఎన్నిసార్లు పాలు తాగాడు.